అన్నీ ఉండే యాప్

ఆ మనిషి మా ఆఫీసు మెట్లెక్కుతుంటెనే నాకు నచ్చలే. కింద బండ్ల రిపేరు షాపు, మీద మావి రెండర్రలు. మెట్లు సన్నగ ఉంటయి, ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు ఆగాలె. మా అమ్మ మాకు అన్నం డబ్బ ఇచ్చి దిగుతాంది. ఆయన ఆగలే. మా అమ్మనే వెనకకెక్కి, గోడకానుకొని ఆయనకు జాగ ఇచ్చింది. ఆయన పక్కనించి పోయిండు, కనీసం తల కూడా తిప్పలే.

మహబూబ్‌నగర్‌ల మా అన్న, నేను కలిసి ఒక కంపెనీ నడిపేటోళ్లం. కంపెనీ అంటే బోర్డు పెద్దది, మనుషులం ఇద్దరమే. మాట్లాడే పని మా అన్నది, చేసే పని నాది. వెబ్‌సైట్లు, బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్లు, ఫోన్ల కోసం యాప్‌లు, ఏది దొరికితే అది చేసేది. తెలంగాణ వచ్చినంక అందరికి ఒక్కసారే యాప్ పిచ్చి పట్టింది. అంతకుముందు ఊర్ల పలుకుబడి ఉన్నోడు గేటు కట్టించేటోడు, దాని మీద పేరు రాయించుకునేటోడు. ఇప్పుడు యాప్ కావాల్నంటున్నడు. తేడా ఏందంటే, గేటు కింద నించి కనీసం ఎడ్లబండి పోతది.

వచ్చినాయన గొర్రెల పెంపకందార్ల సంఘానికి అధ్యక్షుడు. కోస్గి దిక్కు ఒక చిన్న టౌన్ల వాళ్ల ఆఫీసు. అందరు పెసిడెంటు సాబ్ అంటరు. ఆయన తాతకు పెద్ద మంద ఉండెనట. ఆయనకు కారుంది. గొర్రె వాసన పడక ఆయన కార్ల ఎప్పుడు సెంటు బుడ్డి పెట్టుకుంటడని తర్వాత తెలిసింది.

కూసున్నడు. మంచినీళ్లు తాగిండు. గ్లాసు నా కీబోర్డు పక్కన పెట్టిండు.

"ఒక యాప్ చెయ్యాలె," అన్నడు.

అంతే. ఇంకేమన్న చెప్తడేమో అని చూసిన. ఆయన నా దిక్కు చూస్తున్నడు, నేను అప్పటికే మొదలుపెట్టి ఉండాల్సింది అన్నట్టు.

"చేద్దాం సార్, అదెంత పని," అన్నడు మా అన్న.

"ఏం యాప్ సార్?" అన్న నేను.

"యాప్ అంటే యాప్. ఫోన్ల ఉంటది గద."

"ఎవరి కోసం?"

"అందరి కోసం."

"అందరంటే, మంద కాసేటోళ్లా, సంతల గొర్రెలు కొనేటోళ్లా, మీ ఆఫీసుల పని చేసేటోళ్లా?"

"అందరంటే అందరు. మా సంఘంల ఎవరికీ ఫరక్ చెయ్యం."

"వాళ్ల దగ్గర ఏం ఫోన్లున్నయి సార్?"

"ఈ కాలంల ఫోన్ లేనోడు ఎవడున్నడు బిడ్డా?"

"సరే. ఆ యాప్ ఏం పని చెయ్యాలె?"

"అన్నీ ఉండాలె."

"ఎప్పటికి కావాలె?"

"జల్ది."

టేబుల్ కింద మా అన్న నా కాలు తొక్కిండు. నేను ఆపలే. "సార్, గిట్ల చెప్తే మేం ఏం చెయ్యలేం. ముందు ఎవరు వాడుతరో తెల్వాలె," అన్న.

ఆయన మొఖం ముడుచుకున్నది. "నేను దవాఖానకు పోత. డాక్టర్ నన్ను సదువుకొని రమ్మంటడా? ఆయనకే తెలుస్తది. నీకు పని వస్తే నువ్వే చేస్తవు. రాకపోతే చెప్పు."

"డాక్టర్ కూడా ముందు ఎక్కడ నొస్తుందని అడుగుతడు సార్."

మా అన్న గట్టిగ నవ్విండు, నేనేదో ముచ్చట చెప్పినట్టు. "మా చెల్లె జర ఎక్కువ సదివింది సార్, మీరు పట్టించుకోకుర్రి. మీకు ఫస్ట్ క్లాస్ యాప్ చేసిస్తం." ఇద్దరు లేసి చేతులు కలుపుకున్నరు. ఏం చెయ్యాల్నో తెల్వని పనికి మాట ఇచ్చినోడు ఒకడు, ఏం కావాల్నో తెల్వని పనికి మాట తీసుకున్నోడు ఒకడు. ఇద్దరి మొఖాలల్ల ఎంత తృప్తి!

ఆయన పోయినంక మా అన్న నా మీద లేసిండు.

"గన్ని ప్రశ్నలడిగితే మనకు రాదనుకుంటరు."

"అడగకపోతే మనకు నిజంగనే రాదు."

"ఆయనకు తెల్వదు కాబట్టే మన దగ్గరికొచ్చిండు. మనమే మంచిగ ఆలోచించి పెట్టాలె. వాతావరణం పెడదాం, మార్కెట్ ధరలు పెడదాం, డాక్టర్ నంబర్లు, వార్తలు, ఫోటోలు..." అప్పటికే తెల్ల బోర్డు మీద డబ్బాలు గీస్తున్నడు. మా అన్నకు డబ్బాలు గీసుడంటే ప్రాణం. ఒక డబ్బల పెసిడెంటు ఫోటో అని రాసిండు, అది మిగతా డబ్బాలకన్న పెద్దగ గీసిండు. ఆ ఒక్క విషయంల మాత్రం మా అన్న అంచనా తప్పలే.

నాకు ఈ రకం మనుషులు కొత్త కాదు. యాదగిరిగుట్ట దగ్గర ఒక లాడ్జి యజమాని ఫోన్ల నాకు ఒకటే మాట చెప్పిండు, "యాప్ మంచిగుండాలె," అని. మేళ్లచెరువు దిక్కు సిమెంటు లారీలు తిప్పే ఒకాయన వేరే వాళ్ల యాప్ చూపిచ్చి "గిట్లాంటిదే, కాని వేరే తీరు," అన్నడు. అడిగితే కోపం, అడగకుంట చేస్తే ఇంకా కోపం. దర్జీ దగ్గరికి పోయి "ఒకటి కుట్టు" అని చెప్పి వచ్చినట్టుంటది వీళ్ల యవ్వారం. కుట్టేది పెండ్లికొడుక్కా, పాలు తాగే పిల్లకా? అది చెప్తే చాలు. బట్టెంత, గుండీలెన్ని, ఎప్పటికి కావాల్నన్నది దాని వెనకాలే వస్తది. ఎవరికో తెల్వకుంట జేబులెన్ని పెట్టాల్నని మా అన్న బోర్డు మీద గీస్తాండు.

నా పద్ధతి నాకుండె. మొదట ఎవరు వాడుతరు. రెండోది, వాళ్లు ఫోన్ చేతిలకు తీసుకునేది ఏ ఒక్క పని కోసం. ఈ రెండు తెలిస్తే ఏ ఫోన్ మీద నడవాల్నో వాళ్ల చేతిల ఉన్న ఫోనే చెప్తది. ఎప్పటికి అన్నది కూడా అడగాల్సిందే, కాని "ఎప్పటికి" కంటే "ఆ రోజు ఏముంది" అని అడిగితే నిజం బయటపడతది. డబ్బాల సంగతి ఆఖరుకు. పెసిడెంటు నాకు వీటిల ఒక్కటి కూడా చెప్పలే. చెప్పకపోతే నేనే పోయి చూసుకుంట అనుకున్న. మా అన్నతోటి చెప్తే, "పో, నీ సరదా," అన్నడు.

వాళ్ల సంఘం ఆఫీసు ఒక పాత గోదాముల ఉండె. గోడ నిండ పెసిడెంటు ఫోటోలే. పెద్దోళ్లతోటి, దండలతోటి, ఒక ఫోటోల గొర్రెపిల్లను ఎత్తుకొని. ఆ గొర్రెపిల్లను చేతులు ముందుకు చాపి పట్టుకున్నడు, చొక్కాకు తగలకుంట. ఆఫీసుల పని చూసుకునే ఆమె ఒక్కతే ఉండె. కొంచెం సేపు కూసుంట అంటే కుర్చీ ఇచ్చింది.

ఫోన్ మోగుతనే ఉండె. ఆమె ఎత్తుడు, "ఇంక తెల్వదు, తెలిస్తే చెప్త," అనుడు, పెట్టుడు. మల్ల మోగుడు. మల్ల అదే మాట. కొంచెం సేపైనంక అడిగిన.

"ఏమడుగుతున్నరక్కా అందరు?"

"ఏముంటది? నట్టల మందు ఎప్పుడు తాగిపిస్తరు, ఏ ఊరికి ఎప్పుడొస్తరు, గదే. వానలు పడేముందు రోజూ గిదే లొల్లి."

నట్టల మందంటే గొర్రెల కడుపుల పురుగులు పోయేటందుకు పట్టేది. పశువుల దవాఖానోళ్లు ఊరూరికి వచ్చి తాగిపిస్తరు. ఏ రోజు ఏ ఊరో దవాఖానోళ్లు సంఘానికి చెప్తరు. సంఘం ఊర్లళ్ల చెప్పాలె. ఆఫీసామె ఊరికి ఒకరికి ఫోన్ చేసి చెప్తది. ఆ ఒకరు ఇంకొకరికి చెప్తరో లేదో దేవునికెరుక.

ఆమె చెప్పిన దారిల టౌను బయటకు పోయిన. దున్నిన చెల్కల ఒక మంద ఆగి ఉండె. పంట కోసినంక రైతులు ఎరువు కోసం మందను పొలంల ఆపించుకుంటరు. ఒక పెద్దమనిషి, ఆయన భార్య, కుక్క. నేను సంఘం పని మీద వచ్చిన్నంటే గొంగడి పరిచి కూసోమన్నరు.

"కాకా, నీ దగ్గర ఫోనుందా?" అన్న.

నడుముల దోపుకున్న సంచిల నించి తీసిండు. బటన్ల ఫోను. తెర మీద గీతలే గీతలు. "ఎవరన్న చేస్తే ఎత్తుత. చేసుడు ఆమెకొస్తది," అని భార్య దిక్కు చూపిచ్చిండు.

"ఇంట్ల పెద్ద ఫోను లేదా, తాకితే నడిచేది?"

"కొడుకు దగ్గరుంటది. ఆడు హైదరాబాద్‌ల పనికి పోయిండు," అన్నది ఆమె.

"సంఘమోళ్లు ఫోన్ల నుంచి మీకేమన్న చెప్పాల్నంటే ఏం చెప్పాలె?"

ఇద్దరు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. "మందు తాగిపిచ్చే రోజు ఒకనాడు ముందు చెప్తే చాలు బిడ్డా," అన్నది ఆమె. "మేం ఊరికి దూరముంటం. పోయినసారి మాకు తెలిసేటాలకు వాళ్లొచ్చి పోయిర్రు. తెలిస్తే రాత్రికే మందను ఊరి దిక్కు మలుపుకుంటం."

"ఇంకేమొద్దా? ధరలు, వానల సంగతి?"

"వానల సంగతి మొగులు చూస్తే తెల్వదా?" అని ఆయన నవ్విండు. నేను కూడా నవ్విన. ఆ రోజు ఇంకా రెండు మందల దగ్గరికి పోయిన. మాట అదే, ఫోను అదే.

వాపసు బస్సుల కూసున్నంక నాకు పని మొత్తం కండ్లముందు కనవడ్డది. ఇంత సన్నని పనా అనిపిచ్చింది. వినేటోళ్లు వేరు, పంపేటోళ్లు వేరు. వినేటోళ్ల దగ్గర బటన్ల ఫోన్లు. సదువుడు కష్టం, కాబట్టి రాత పనికిరాదు, మాట కావాలె. పంపేది ఆఫీసామె. ఆమెకు ఒక పేజీ చాలు. ఊరు పేరు ఎంచుకొని, తారీకు పెట్టి, మాట రికార్డు చేసి ఒత్తితే ఆ ఊరోళ్లందరికి ఫోన్ పోతది, ఎత్తితే మాట వినపడతది. అసొంటి కాల్స్ ఇష్టమొచ్చినట్టు పంపరాదు, సంఘం పేరుతోటి ముందుగాల ఫోన్ కంపెనీల దగ్గర నమోదు చేసుకోవాలె. అది జర తిప్పలే గాని చేసుకోవచ్చు. వానలకు ముందు నడవాలె, ఎందుకంటే మందు అప్పుడే. ఎవరి కోసం అన్న ఒక్క ముక్క తెలిసేటాలకు ఏ ఫోను, ఏం పని, ఎప్పటికి, అన్నీ వాటంతటవే తేలినయి.

పెసిడెంటు ఇంటికి పోయి చెప్పిన. మా అన్న కూడా వచ్చిండు. ఆయన మొత్తం విన్నడు. ఇనుకుంట ఇనుకుంట ఆయన పెదవి ఒక పక్కకు పోయింది.

"ఫోన్ చేసి చెప్పుడా? దీనికి యాప్ అంటరా?"

"మీ సంఘపోళ్లకు కావాల్సింది అదే సార్. నేను పోయి అడిగొచ్చిన."

"వాళ్లనెందుకడిగినవ్? వాళ్లకేం తెలుసు?" అని ముందుకొంగిండు. "చూడు బిడ్డా. పక్క జిల్లా సంఘపోళ్లు యాప్ పెట్టిర్రు. స్టేజి మీద పెద్ద తెర. సర్కారుల పెద్దసారొచ్చి వేలు పెట్టంగనే బొమ్మలన్ని ఎగురుకుంట వచ్చినయి. నన్ను రెండో వరుసల కూసోపెట్టిర్రు. రెండో వరుసల! వచ్చే నెల మన సభ ఉంది. అదే సారొస్తుండు. ఆయన వేలు పెట్టాలె, బొమ్మలు రావాలె, పేపర్ల ఫోటో పడాలె. నువ్వేమో ఒక్క బటన్ పెట్టి ఫోన్ చేపిస్త అంటున్నవ్. ఒక్క బటన్ చూసి జనం నవ్వరా?"

నాకు అప్పుడు సమజైంది. ఆయన దగ్గర జవాబులు లేక చెప్పకపోవుడు కాదు. అన్నిటికి జవాబులు ఉండె. ఎవరి కోసం? ఆ పెద్దసారు వేలు కోసం. ఏం పని? ఫోటో పడుడు. ఎప్పటికి? సభ రోజుకు. ఆయన ఇవన్ని మొదటిరోజే చెప్పొచ్చు. చెప్తే ఆయనెంత చిన్నోడో తెలిసిపోతదని "అందరి కోసం, అన్నీ" అన్న పెద్ద మాటల వెనక దాక్కున్నడు. ఆయన మీద అప్పటిదాకా ఉన్న కోపం కూడా పోయింది. కోపానికి సుత మనిషిల ఎంతో కొంత దమ్ముండాలె.

"ఆ రోజు ఏ ఫోన్ మీద చూపిస్తరు సార్?" అని ఒక్కటే అడిగిన.

"అవన్ని మీ అన్న చూసుకుంటడు. నువ్వు నీ బటన్ పట్టుకొని పో."

మా అన్న చూసుకున్నడు. రెడీమేడ్‌గ దొరికే ఒక యాప్ ఎక్కడినించో తెచ్చి, దానికి రంగులు మార్చి, పేర్లు మార్చి, పదహారు డబ్బాలు పెట్టిండు. నేను చెయ్యనన్న. ఇంట్ల మాటలు బందైనయి. అమ్మ ఒక డబ్బల ఇద్దరికి పంపే అన్నం రెండు డబ్బలల్ల పంపుడు మొదలుపెట్టింది. ఆ పదహారు డబ్బాలకు కావాల్సిన సమాచారం సంఘం నించి తీసుకురమ్మని మా అన్న పెసిడెంటుకు రోజు ఫోన్ చేసిండు. మార్కెట్ ధరలు ఎవరిస్తరు? డాక్టర్ల నంబర్లు ఎవరి దగ్గరున్నయి? ఆయన ప్రతిసారి ఒకటే అన్నడు, "అవన్ని తర్వాత చూద్దాం, ముందు నా ఫోటో మంచిది పంపుత." ఫోటో మాత్రం రోజుకొకటి వచ్చింది.

సభ రోజు నేను కూడా పోయిన. ఎందుకు పోయినవంటే, చూద్దామనే పోయిన. మంచి మనసుతోటి పోయిన్నని చెప్పుకోను.

షామియానాలు, మైకులు, స్టేజి మీద తెల్ల తెర. ముందు వరుస కుర్చీలకు గుడ్డలు కట్టిర్రు. మందలోళ్లు వెనక నేల మీద కూసున్నరు. పొద్దున స్టేజి ఎనక పెసిడెంటు తన జేబుల నించి ఫోను తీసి మా అన్న చేతిల పెట్టిండు. "దీంట్ల వెయ్యి. సారుకు నా ఫోనే ఇయ్యాలె."

ఐఫోను. మా అన్న మొఖం సున్నం కొట్టినట్టైంది. మా అన్న తెచ్చింది ఆండ్రాయిడ్ ఫోన్లకు. అది ఐఫోన్ల ఎక్కదు. ఐఫోనుకు వేరేగ చెయ్యాలె, అది వాళ్ల స్టోరు పరీక్ష దాటి రావాలె. నిలబడ్డకాడ అయ్యే పని కాదు.

"ఇందుల రాదు సార్," అన్నడు మా అన్న.

"ఫోన్లల్ల నడుస్తదన్నవ్ గద?"

"మీరు ఏ ఫోనో చెప్పలేదు సార్."

"ఇంత పెద్ద ఫోను నా చేతిల కనపడ్తలేదా నీకు?"

ఆ మాటల నాకు ఒకటి ఒప్పుకోబుద్ధైంది. నిజంగ కనపడాల్సిందే. మా అన్న అడగడు, చూడడు కూడా. చివరికి మా అన్న ఫోన్ల నించే తెర మీదికి చూపిచ్చేటట్టు వైరు పెట్టిర్రు. పెసిడెంటు ఆ ఫోను పాత కవరు చూసి ముక్కు ఇరిచి, తన జేబురుమాలు కింద పెట్టి పట్టుకున్నడు.

పెద్దసారొచ్చిండు. దండలైనయి, మాటలైనయి. యాప్ గురించి పెసిడెంటు చాలాసేపు మాట్లాడిండు. మన సంఘం దేశానికే దారి చూపిస్తదన్నడు. ఫోను సారు చేతికిచ్చిండు. సారు వేలు పెట్టిండు. తెర మీద పెసిడెంటు ఫోటో ఇంతదొచ్చింది, పదహారు డబ్బాలొచ్చినయి. చప్పట్లు కొట్టిర్రు. అక్కడికే ఆపి ఉంటే అయిపోయేది. కాని ఆ సారు జర ఉత్సాహం మనిషి.

"చూద్దాం, ఈ మార్కెట్ ధరలు ఎట్లున్నయో," అని మైకుల చెప్పుకుంట దాని మీద ఒత్తిండు. తెర మీద పెద్ద అక్షరాలు వచ్చినయి. సారు సదివిండు, "త్వరలో వస్తుంది."

ఇంకొకటి ఒత్తిండు. "పశు వైద్యులు. త్వరలో వస్తుంది."

ఇంకొకటి. "టీకాలు. త్వరలో వస్తుంది." సారు ఆగలే. ప్రతిదీ మైకుల సదువుతనే ఉన్నడు. వెనక నేల మీద నించి ఎవరో, "గిదన్నా వస్తదా మరి?" అన్నరు. నవ్వులు మొదలైనయి. ముందు వరుసల కూడా నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నరు. పనిచేసింది ఒక్క డబ్బ, 'మా అధ్యక్షులు' అన్నది. దాంట్ల ఫోటోలు ఒకటెనక ఒకటి వచ్చినయి, ఆపరాలే.

సభ అయినంక పెసిడెంటు మమ్మల్నిద్దర్ని గోదాముల నిలబెట్టిండు. చొక్క చెమటకు వీపుకంటుకున్నది.

"నా ఇజ్జత్ తీసిర్రు. ముందుగాల్నే అడగాలె గద మీరు, ఏమేం కావాలె, ఏ ఫోను, ఎవరు చూస్తరు అని! పని తెలిసినోళ్లైతే అడుగుతరు!"

నేను ఆయన కండ్లల్లకు చూసిన. ఆయన అబద్ధం చెప్తలేడు. మా ఆఫీసుల నేను అడిగింది నిజంగనే ఆయనకు యాది లేదు. నేను అడిగిన మాటలన్ని నాకే అప్పజెప్పి, అడగలేదని తిడుతున్నడు.

"మొదటిరోజే అడిగిన సార్. అందరి కోసమన్నరు. అన్నీ ఉండాలన్నరు."

"నేనేదో అంట. మీకు తెల్వాలె గద!"

మా అన్న తల దించుకున్నడు. నేను దించుకోలే. ఆయన గోడ మీది తన ఫోటోలల్లకు చూసుకుంట బయటకు పోయిండు.

తర్వాత ఆఫీసామెనే నాకు ఫోన్ చేసింది. "చెల్లె, నువ్వేదో ఫోన్ చేసి చెప్పేది చేస్తన్నవంట గద. అది చెయ్యరాదు? నా చెవులు పోతున్నయి." పెసిడెంటు ఒప్పుకోడన్న. ఆయన ఇప్పుడు దేనికైనా ఒప్పుకుంటడు, పేపరోళ్లు యాప్ ఏమైందని అడుగుతున్నరు అన్నది.

పోయి ఆయన ముందర ఒక్క మాటే అన్న. "సార్, ఊరూరికి మీ గొంతే వినపడతది. మందల దగ్గర ప్రతి ఫోన్ల."

ఆయన కండ్లు మెరిసినయి. ఆయనతోటి పని ఎట్ల చేపియ్యాల్నో అప్పటికి నేర్చుకున్న. చెప్పుకునేటంత గొప్ప విద్యేం కాదు.

నమోదు పనులు అయ్యేటాలకు కొన్ని వారాలు పట్టింది, అయినా వానలకు ముందే తెమిలింది. మొదటి మాట రికార్డు చేసేటందుకు ఆయన ఇస్త్రీ చొక్క ఏసుకొని వచ్చిండు, గొంతు రికార్డుకు చొక్క ఎందుకో నాకు తెల్వదు. మొదలుపెట్టిండు. "గొర్రెల పెంపకందార్ల సంఘం సభ్యులకు, పెద్దలకు, అక్కలకు, చెల్లెళ్లకు, మీ అభిమాన అధ్యక్షుడు, నిరంతరం మీ సేవల..." అట్లనే పోయిండు. తన పదవులన్ని అయినంక, తండ్రి పేరు, తాత పేరు అయినంక, ఆఖరుకు ఏ ఊరు, ఏ రోజన్నది చెప్పిండు.

పంపినం. ఏ కాల్ ఎంతసేపు విన్నరో కంప్యూటర్ల కనపడతది. దాదాపు అందరు తాత పేరు దాకా కూడా ఆగలే. ఆ సాయంత్రం ఆఫీసు ఫోను మల్ల అట్లనే మోగింది, "మందెప్పుడు?" అని.

రికార్డు నేను కోసిన. ఊరి పేరు, రోజు, "పొద్దుగాల మందను బడి దగ్గరికి తోలుకరావాలె" అన్న ముక్క ముందుకు తెచ్చిన. అభిమానం, సేవ, తాత, అన్నీ దాని వెనక పెట్టిన. ఒక్క అక్షరం తీసెయ్యలే. ఆయనకు వినిపిస్తే, "ఇదేంది ఎనకా ముందైంది?" అన్నడు. పేరు ఆఖరుకుంటే చెవిల నిలబడతది సార్ అన్న. తల ఊపిండు.

మల్ల పంపినం. ఈసారి ఆఫీసు ఫోను మోగలే. ఆఫీసామె రెండుసార్లు ఎత్తి చూసింది, చెడిపోయిందేమో అని. తెల్లారి మందు తాగిపిచ్చే ఊరికి నేను పోయిన. బడి ముందట దుమ్ము, గొర్రెల మొత్తుకోళ్లు, డాక్టరు చొక్కా నిండ మందు. చెల్కల నాకు గొంగడి పరిచిన ఇద్దరు కూడా మందను తోలుకొచ్చిర్రు. పెద్దాయన ఒక్కొక్క గొర్రె మూతి ఎత్తి పడుతుండు, ఆమె లెక్క తప్పకుంట అవతలికి నూకుతాంది. నన్ను చూసి, "ఫోనొచ్చింది బిడ్డా," అన్నది.

"మొత్తం విన్నవా అవ్వా?"

"రోజు చెప్పిండు గద. ఆ తర్వాత ఎవడో ఏందో మొత్తుకుంటుంటే పెట్టేసిన."

నేను నవ్వాపుకోలేక అవతలికి జరిగిన. మా అన్నకు ఆ సంగతి ఫోన్ల చెప్తే ఆయన కూడా నవ్విండు, చానా రోజులకు. కాని ఆయన మారలే. ఇప్పుడు ఆయన వేరే కంపెనీ, నేను వేరే. ఆయన బోర్డు ఇంకా పెద్దది.

ఫోన్ల పని మాత్రం ఇప్పటికీ నడుస్తాంది. మందు రోజుకు, టీకా రోజుకు పోతది. ప్రతిసారి పెసిడెంటు అడుగుతడు, "అందరు విన్నరా?" అని.

"విన్నరు సార్," అంట.

ఏం విన్నరని ఆయన అడగడు. అడిగితే చెప్పేదాన్నే.